రెండు ఉప్పునీటి ట్యాంకులు: రెండో ట్యాంకులో నీరు పెరుగుతుంటే సిస్టమ్‌ని ఎలా సాధించాలి?

ఒక్కో ట్యాంకులో 100 లీటర్ల నీరు ఉంది. మొదటి దాంట్లో 10 కిలోల ఉప్పు, రెండో దాంట్లో మంచినీరే. మొదటి ట్యాంకులోకి నిమిషానికి 6 లీటర్ల మంచినీరు వస్తుంది. అక్కడి నుంచి రెండో దాంట్లోకి 8 లీటర్లు వెళ్తాయి, రెండో దాని నుంచి 2 లీటర్లు వెనక్కి వస్తాయి, 6 లీటర్లు బయటికి పోతాయి. ఉప్పు కిలోలు x, y అనుకుంటే:

```
x' = -0.08x + 0.02y
y' =  0.08x - 0.08y
```

ఐగెన్ విలువలు -0.04, -0.12, వాటి వెక్టర్లు (1, 2), (1, -2). ప్రారంభ విలువలు పెడితే:

```
x = 5e^(-0.04t) + 5e^(-0.12t)
y = 10e^(-0.04t) - 10e^(-0.12t)
```

రెండో ట్యాంకులో ఉప్పు దాదాపు 13.7 నిమిషాలకు 3.85 కిలోలకు చేరి, ఆ తర్వాత తగ్గుతుంది. ఇంతవరకు ఇబ్బంది లేదు.

ఇప్పుడు బయటికి పోయేది 6 బదులు 4 లీటర్లే అనుకుందాం. మొదటి ట్యాంకు 100 లీటర్ల దగ్గరే ఉంటుంది గానీ, రెండో దాంట్లో నీరు 100+2t అవుతుంది:

```
x' = -0.08x + 2y/(100+2t)
y' =  0.08x - 6y/(100+2t)
```

మాత్రికలో t వచ్చేసింది కాబట్టి ఐగెన్ విలువల పద్ధతి నేరుగా పనిచేయదు. పరిమాణాన్ని 100 దగ్గరే ఉంచేద్దామంటే, పదో నిమిషానికే అది 120 లీటర్లు. ఆ తేడా వదిలేసేంత చిన్నది కాదు. రెండో ట్యాంకు 200 లీటర్లదే కాబట్టి 50 నిమిషాల వరకు జవాబు చాలు.

s = 100+2t అని మార్చి, y ని తొలగిస్తే వచ్చే రెండో తరగతి సమీకరణానికి మామూలు ప్రమేయాలతో సాధన ఉంటుందా? లేకపోతే రుంగే-కుట్టా వాడాలంటే, మూడు దశాంశ స్థానాలకు ఎంత స్టెప్ సరిపోతుంది? తెలిసినవారు దారి చూపగలరు.