బుల్లెట్ దిగిన దిమ్మె ఎంత ఎత్తు లేస్తుంది? నాకు 40 మీటర్లు వస్తోంది!

చిన్ని_ఎంపీసీ: 10 గ్రాముల బుల్లెట్ 400 m/s తో వచ్చి, తాడుకు వేలాడే 1.99 కిలోల చెక్క దిమ్మెలో దిగబడిపోయింది. g = 10. బుల్లెట్ గతిశక్తి 800 J ని mgh తో సమానం చేశాను. కీలో మాత్రం 20 సెం.మీ. అని ఉంది.

పాత_లెక్చరర్: 40 మీటర్లంటే పదమూడంతస్తుల ఎత్తమ్మా, అక్కడే అనుమానం రావాలి. ఇందులో రెండు ఘట్టాలున్నాయి. దిగబడేటప్పుడు చెక్క చీలుతుంది, వేడెక్కుతుంది, కాబట్టి గతిశక్తి నిలవదు. అడ్డంగా బయటి బలం లేదు గనుక ఆ దిశలో ద్రవ్యవేగం నిలుస్తుంది: 0.01 × 400 = 2 × V, అంటే V = 2 m/s. ఆ క్షణానికి మిగిలిన గతిశక్తి 4 J. తక్కిన 796 J లోపలే వేడిగా, చీలికగా పోయింది. ఇక పైకి ఊగేటప్పుడు తాడు లాగుడు కదలికకు లంబంగా ఉంటుంది, పని చేయదు. అక్కడ 4 = 2 × 10 × h, h = 0.2 మీ.

రాకెట్_రవి: సింపుల్‌గా చెప్పాలంటే మొమెంటం ఎప్పుడూ కన్సర్వ్ అవుతుంది బ్రో, ముందు అదే రాసెయ్.

పాత_లెక్చరర్: సగమే నిజం రవీ. పైకి ఊగేటప్పుడు తాడు ఏటవాలుగా లాగుతుంది. 2 m/s కాస్తా సున్నా అయిపోతుంది కదా, మరి మొమెంటం ఎక్కడ నిలిచింది? తాడుకు బదులు పైన మేకుకు తగిలించిన బరువైన కడ్డీ ఉంటే ఢీకొన్న క్షణంలోనే మేకు అడ్డంగా తన్నొచ్చు. అప్పుడు మేకు చుట్టూ కోణీయ ద్రవ్యవేగం రాయాలి.

థర్మో_తిప్పలు: నాదీ ఇలాంటిదేనా? ఉష్ణబంధక డబ్బా మధ్య తెర. ఒక పక్క 300 K నైట్రోజన్, ఇంకో పక్క శూన్యం. తెర చింపితే ఘనపరిమాణం రెట్టింపు. వేడి రాదు, పోదు కాబట్టి TV^(γ−1) స్థిరం అని 227 K రాశాను.

గ్యాస్_గీత: ఆ సూత్రం వాయువు పిస్టన్‌ను నెమ్మదిగా నెడుతూ పని చేసినప్పటిది. శూన్యంలో నెట్టడానికి ఏముందండీ? Q = 0, W = 0, అంతర్గతశక్తి మారదు. ఆదర్శవాయువు అనుకుంటే 300 K అలాగే ఉంటుంది. పెరిగేది ఎంట్రోపీ. ‘అడయబాటిక్’ అన్న మాట కనబడగానే చెయ్యి ఆ సూత్రం మీదికి పోతుంది, అదే చిక్కు.

రాకెట్_రవి: సరే, ఒప్పుకున్నా. మరి ఆ 796 J మొత్తం సీసపు బుల్లెట్‌కే వెళ్తే కరిగిపోదా?

గ్యాస్_గీత: మొత్తం వెళ్తే, గది ఉష్ణోగ్రత దగ్గర మొదలైనా ద్రవీభవన స్థానం 327°C దాటేంత వేడే. కానీ చెక్కకెంత, సీసానికెంత అన్నది నిత్యత్వ నియమం చెప్పదు.

చిన్ని_ఎంపీసీ: మా షీట్‌లో తర్వాతి లెక్క సరిగ్గా అదే, ‘బుల్లెట్ ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుంది’ అని. వాటా ఎంతో ఇవ్వలేదు. సగం అనుకోవాలా?