జూలైలో మారిన మేనేజర్‌ని మిడ్ ఇయర్ రివ్యూ ఎలా అడగాలి?

టెస్టింగ్ టీమ్ నుంచి (హైదరాబాద్): మాకు రివ్యూ ఏప్రిల్ నుంచి మార్చి వరకు. ఏప్రిల్‌లో గోల్స్ పెట్టుకున్నాం, జూలైలో మేనేజర్ మారారు. కొత్త సార్ పుణేలో ఉంటారు. టీమ్ కాల్‌లో తప్ప ఆయనతో విడిగా మాట్లాడింది లేదు. అక్టోబర్ వచ్చినా మిడ్ ఇయర్ ఊసే లేదు. నేనే అడిగితే హైక్ కోసం అనుకుంటారేమో అని టెన్షన్. అసలు ఎలా అడగాలి, సెల్ఫ్ అసెస్‌మెంట్‌లో ఏం రాయాలి?

డెవలపర్, బెంగళూరు: అడగడం దేనికండీ? పోర్టల్‌లో చేసినవన్నీ ఒక్కటీ వదలకుండా రాసేయండి. రికార్డు ఉంటే చాలు. రేటింగ్ ఎలాగూ బెల్ కర్వ్‌లో పెట్టి ఇస్తారు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి: మా వార్షిక పనితీరు నివేదిక ఏపీఏఆర్‌లో పై అధికారి ఏం రాశారో చూపిస్తారు. అభ్యంతరం ఉంటే 15 రోజుల్లో రాసుకోవచ్చు. మీరూ అలా అప్పీల్ చేసుకోవచ్చు కదా?

మాజీ డెలివరీ మేనేజర్: సార్, ప్రైవేటులో అది కంపెనీ పాలసీని బట్టి ఉంటుంది. పైగా ఈవిడకు ఇంకా రేటింగే రాలేదు, అప్పీల్ దేని మీద? రికార్డు ఉండాలని తమ్ముడు చెప్పింది నిజమే. కాకపోతే మార్చిలో మేనేజర్లంతా కూర్చుని రేటింగులు సర్దుతారు. నేను కూర్చున్న మీటింగుల్లో ఎవరూ నలభై లైన్ల ఫారం చదవలేదు. మేనేజర్ చూడకుండా చెప్పగలిగిన రెండు మూడు విషయాలే లెక్కకొచ్చాయి. అవి ఆయన నోట్లో ఉండాలంటే ఇప్పుడే మాట్లాడాలమ్మా. మెయిల్‌లో జీతం మాట రానివ్వకండి. ఇంగ్లీషులో పంపినా విషయం ఇలా ఉంటే చాలు:

"ఏప్రిల్ గోల్స్‌లో ఎక్కడిదాకా వచ్చానో మీతో ఒక అరగంట మాట్లాడాలనుకుంటున్నాను. మీరు జూలైలో వచ్చారు కాబట్టి మొదటి మూడు నెలల పనితో కలిపి ఒక పేజీ రాసి రెండు రోజుల ముందే పంపుతాను. మార్చిలోపు నేనేం మార్చుకోవాలో మీరు చెబితే బాగుంటుంది. మంగళవారం గానీ గురువారం గానీ మధ్యాహ్నం మీకు వీలవుతుందా?"

ఇక పేజీ సంగతి. మీ పెద్ద గోల్ ఏంటో చెప్పండి, దాని మీదే చూద్దాం.

టెస్టింగ్ టీమ్ నుంచి: రిగ్రెషన్ టెస్టులు ఆటోమేట్ చేయడం సార్. మొత్తం 300. సెప్టెంబర్‌కి 240 అవ్వాలి, 180 అయ్యాయి. ఆగస్టులో రెండు వారాలు ప్రొడక్షన్ సపోర్ట్‌లో వేశారు. ఈ గోల్ రాయకపోతేనే మంచిదా?

మాజీ డెలివరీ మేనేజర్: రాయాలి. దాస్తే మార్చిలో ఆయనే బయటికి తీస్తారు. రిగ్రెషన్‌కి ముందు ఎంత టైమ్ పట్టేది, ఇప్పుడెంత?

టెస్టింగ్ టీమ్ నుంచి: ఇద్దరం కూర్చుంటే రెండు రోజులు పట్టేది. ఇప్పుడు ఒకరితో ఒక్క రోజులో అయిపోతోంది.

మాజీ డెలివరీ మేనేజర్: అయితే అదే మీ మొదటి వాక్యం. "180 స్క్రిప్టులు రాశాను" అంటే పని మాత్రమే తెలుస్తుంది. "ఒక్కో రిలీజ్‌కి నాలుగు మనిషి-రోజులు పట్టేది ఒకటికి తగ్గింది" అంటే ఫలితం తెలుస్తుంది, ఆయన మార్చిలో ఆ మాటే పైకి చెప్పగలరు. దాని కిందే "లక్ష్యం 240, అయినవి 180. ఆగస్టులో రెండు వారాలు సపోర్ట్‌లో ఉన్నాను. మిగిలిన 60 నవంబర్ చివరికి పూర్తి చేస్తాను" అని రాయండి. సపోర్ట్‌లో ఎవరు వేశారన్న గొడవ వద్దు, తేదీలు చాలు. ఇలాంటివి మూడు పాయింట్లు, చివర మీకు కావాల్సిన సాయం ఒకటి.

మీటింగ్‌లో "నా పని ఎలా ఉంది సార్" అనకండి. "బాగుంది, కీప్ ఇట్ అప్" అంటారు, దాంతో ఏమీ తేలదు. "ఈ రోజే రేటింగ్ ఇవ్వాల్సి వస్తే పై రేటింగ్ ఇవ్వడానికి మీకు ఏం అడ్డొస్తుంది?" అని అడగండి. అప్పుడూ పైపైనే మాట్లాడితే, ఆయన చూసిన ఒక రిలీజ్ పేరు చెప్పి అందులో ఏం వేరుగా చేసి ఉండాల్సిందో అడగండి. అనుకున్నవి అదే సాయంత్రం నాలుగు లైన్లలో మెయిల్ పెట్టండి.

డెవలపర్, బెంగళూరు: ఒప్పుకుంటా, నలభై లైన్లు నావే. కానీ ఏప్రిల్ నుంచి జూన్ దాకా పని పాత మేనేజర్‌కే తెలుసు కదా. ఆయన దగ్గర ఫీడ్‌బ్యాక్ తీసుకోవచ్చా?

మాజీ డెలివరీ మేనేజర్: అదే కంపెనీలో ఉంటే కొత్త మేనేజర్‌ని కాపీలో పెట్టి రెండు లైన్లు అడగచ్చు.

హెచ్‌ఆర్‌లో పనిచేసే అక్క: ముందు కొత్త మేనేజర్‌కి చెప్పాకే అడగండి. తన వెనక పాతాయన మాట తెచ్చారనుకునేవాళ్లను చూశాను. కొన్ని చోట్ల పోర్టల్‌లోనే రిక్వెస్ట్ పెట్టాలి, మెయిల్ లెక్కలోకి తీసుకోరు.

టెస్టింగ్ టీమ్ నుంచి: పాత సార్ కంపెనీ మానేశారక్కా. జూన్ రిలీజ్ మెయిల్‌లో క్లయింట్ థాంక్స్ చెప్పినది మాత్రం నా దగ్గర ఉంది, దాన్నే జత చేస్తాను. గురువారానికి ఇన్వైట్ అడుగుతూ ఇప్పుడే మెయిల్ పంపాను.