రాత్రి అన్నం మానేసే ట్రైనింగ్: గురువారానికి గ్లైకోజెన్ నిండడం లేదా?

అందరికీ నమస్తే. ఉండేది హైదరాబాద్, బరువు 64 కిలోలు, ఫుల్ మారథాన్‌కి ప్రిపేర్ అవుతున్నాను. మంగళవారం సాయంత్రం ఇంటర్వెల్స్‌తో గ్లైకోజెన్ బాగా ఖాళీ చేసి, రాత్రికి అన్నం, చపాతీ లేకుండా గుడ్లు, పనీర్, ఆకుకూరతో సరిపెట్టి, బుధవారం పొద్దున పంచదార లేని కాఫీ ఒక్కటి తాగి గంటసేపు మెల్లగా పరిగెడుతున్నాను. అది బాగానే సాగుతోంది, పక్కవాళ్లతో కబుర్లు చెప్తూ వెళ్లిపోతున్నా.

ఇబ్బందంతా గురువారం పొద్దున టెంపో రన్‌లో. అసలు ఆ వారంలో ముఖ్యమైనది అదే. మొదటి పావుగంట పేస్ దొరుకుతుంది, ఆ తర్వాత తొడలు బరువెక్కిపోతాయి, ఎంత లాగినా హార్ట్ రేట్ మామూలుగా ఎక్కే చోటికి ఎక్కదు, ఆయాసం మాత్రం ఉండదు. అందుకే నా అనుమానం తిండి మీదే.

బుధవారం తిన్నది లెక్కేస్తే కార్బ్స్ 300 గ్రాములు దాటడం లేదు, అంటే కిలో బరువుకి 5 గ్రాములు కూడా లేదు. 7 గ్రాములు కావాలంటే 450 దాకా తినాలి. వండిన అన్నం 100 గ్రాములకి కార్బ్స్ సుమారు 28 గ్రాములే, అంతా అన్నంతోనే అంటే కిలోన్నర పైమాటే! పప్పు, కూరలు కలిస్తే కడుపు ముందే నిండిపోతుంది.

పరుగు అవ్వగానే మొదటి నాలుగు గంటలు, గంటకి కిలో బరువుకి ఒక గ్రాము చొప్పున తినమంటారు కదా, మధ్యలో దాదాపు 24 గంటలు ఉన్నప్పుడు ఆ తొందర అవసరమా, లేక రోజు మొత్తం లెక్క సరిపోతే చాలా? టెంపోని శుక్రవారానికి జరపడమే మేలంటారా? ఈ పద్ధతి చేసినవాళ్లు బుధవారం ఏం తింటున్నారో పూటల వారీగా చెప్పండి, ఇడ్లీ, అటుకులు, అరటిపండు, బెల్లం, ఏదైనా సరే.