ఆన్‌లైన్‌లో ప్రసంగం విన్నాను, ఆవిడతో పరిచయం లేదు. మెయిల్ ఎలా రాయాలి?

సంపెంగ: అందరికీ నమస్తే. నేను వైజాగ్‌లో సముద్ర శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను, ఇది రెండో ఏడాది. పోయిన గురువారం ఒక ఆన్‌లైన్ కాన్ఫరెన్స్‌లో బంగాళాఖాతం తుపాన్ల మీద ఒక మేడమ్ మాట్లాడారు. 2014 అక్టోబరు 12న మన ఊరి దగ్గర తీరం దాటిన హుద్‌హుద్‌కి ముందు సముద్రంలో పై పొరలు ఎలా ఉన్నాయో చూపించారు. చాట్‌లో ప్రశ్న పెట్టాను గానీ, టైమ్ అయిపోయిందని హోస్ట్ ముగించేశారు. ఆవిడకి నేనెవరో తెలీదు. మెయిల్ రాసి పెట్టుకున్నాను, పంపాలంటే టెన్షన్‌గా ఉంది. అసలుది ఇంగ్లిష్‌లో ఉంది, ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

"గౌరవనీయులైన మేడమ్ గారికి, మీ అద్భుతమైన ప్రసంగం నాకెంతో స్ఫూర్తినిచ్చింది. నేను కూడా ఇదే విషయం మీద పనిచేస్తున్నాను. దయచేసి మీ స్లైడ్లు, డేటా పంపగలరు. బ్యారియర్ లేయర్ గురించి వివరంగా చెప్పి నాకు దారి చూపించగలరని మనవి."

భీమిలి రోడ్డు: బాగానే ఉంది. కాకపోతే ఎప్పుడూ "రెస్పెక్టెడ్ సర్, మేడమ్" అనే మొదలుపెట్టాలి, అది మర్యాద. సీవీ కూడా జత చేయండి. పనిలో పనిగా వాళ్ల ల్యాబ్‌లో ఖాళీలున్నాయేమో అడిగేయండి. మళ్లీ మళ్లీ రాసే అవకాశం రాదు.

పాత గుమాస్తా: నాదీ ఇదే బాధ. మే నెలలో ఒక వెబినార్‌కి హాజరయ్యాను, ఫీడ్‌బ్యాక్ ఫారమ్ కూడా నింపాను, ఇప్పటికీ సర్టిఫికెట్ రాలేదు. స్పీకర్ గారికి మెయిల్ పెట్టమంటారా?

లంగరు: గుమాస్తా గారూ, సర్టిఫికెట్లు ఇచ్చేది నిర్వాహకులు. ఎవరెవరు హాజరయ్యారన్న జాబితా స్పీకర్ దగ్గర ఉండదు. రిజిస్ట్రేషన్ మెయిల్ ఏ అడ్రస్ నుంచి వచ్చిందో దానికే రాయండి, ఏ మెయిల్ ఐడీతో చేరారో అందులో చెప్పండి.

సంపెంగ అమ్మా, నేను ఇరవై ఏళ్లుగా ఇలాంటి మెయిల్స్ అందుకుంటున్నదాన్ని, అందుకని నిష్కర్షగా చెబుతాను. నీ మెయిల్‌లో ఏ ప్రసంగం గురించో లేదు, ఏ స్లైడో లేదు. "వివరంగా చెప్పండి" అంటే ఆవిడ ఒక పాఠమే రాయాలి. అలాంటి వాటిని తీరిక దొరికినప్పుడు చూద్దామని పక్కన పెడతాం, ఆ తీరిక ఎప్పటికీ దొరకదు. ముందు ఒకటి చెప్పు. చాట్‌లో నువ్వు అడిగిన ప్రశ్న ఏమిటి?

సంపెంగ: మేడమ్, నదుల మంచినీరు పైన తేలుతుంది కాబట్టి, ఉప్పదనం మారే లోతు ఒకటి, వేడి తగ్గడం మొదలయ్యే లోతు ఇంకొకటి కదా. ఆ రెంటి మధ్య మందం, అదే బ్యారియర్ లేయర్, ఆవిడ స్లైడ్‌లో 30 మీటర్ల దాకా ఉంది. అవే తేదీల్లో నేను, సముద్రంలో మునిగి తేలుతూ వేడి, ఉప్పదనం కొలిచే ఆర్గో ఫ్లోట్ ఒకదాని డేటా తీసుకుని లెక్కేస్తే 12 మీటర్లే వచ్చింది. ఎక్కడ తప్పు చేశానో తెలియట్లేదు.

లంగరు: అయితే నువ్వు అడగాల్సింది ఇదే. ఇంత మంచి ప్రశ్న చేతిలో ఉంచుకుని మెయిల్‌లో దాన్నే వదిలేశావు. కానీ వెంటనే పంపకు. వేడి ఎంత తగ్గితే "పొర అయిపోయింది" అనుకున్నావు?

సంపెంగ: 10 మీటర్ల దగ్గరి ఉష్ణోగ్రత కంటే 0.2 డిగ్రీలు.

లంగరు: కొందరు 1 డిగ్రీ తీసుకుంటారు. అప్పుడు ఆ లోతు ఇంకా కిందికి పోతుంది, మందం పెరుగుతుంది. ఆవిడ పాత పేపర్ తెరిచి పద్ధతుల భాగం చదువు, ఆమె ఎంత తీసుకున్నారో అందులోనే ఉండొచ్చు. కాన్ఫరెన్స్ వాళ్లు రికార్డింగ్ పెడితే ఆ స్లైడ్ మళ్లీ చూడు. హడావిడిలో రాసుకున్న అంకె తప్పయితే మెయిల్ మొదటి వాక్యంలోనే మాట పోతుంది.

సంపెంగ: చదివాను మేడమ్. పాత పేపర్‌లో 1 డిగ్రీయే ఉంది. దానితో మళ్లీ లెక్కేస్తే 21 మీటర్లు వచ్చింది. రికార్డింగ్‌లోనూ 30 అనే ఉంది. ఇంకా 9 మీటర్ల తేడా మిగిలింది.

లంగరు: ఇప్పుడు రాయొచ్చు. పేపర్ చదివితే తేలేదంతా తేలిపోయింది, ఆవిడ మాత్రమే చెప్పగలిగింది మిగిలింది. సబ్జెక్ట్‌లో ప్రసంగం పేరు, తేదీ, "బ్యారియర్ లేయర్ మందంపై ఒక ప్రశ్న" అని పెట్టు. లోపల ఇలా రాయి.

"డాక్టర్ (ఇంటిపేరు) గారికి, గురువారం కాన్ఫరెన్స్‌లో మీ ప్రసంగం విన్నాను. నేను విశాఖపట్నంలో పీహెచ్‌డీ విద్యార్థిని, ఆర్గో డేటాతో బంగాళాఖాతం పై పొరల మీద పనిచేస్తున్నాను. హుద్‌హుద్‌కి ముందున్న స్థితి చూపిన స్లైడ్‌లో బ్యారియర్ లేయర్ సుమారు 30 మీటర్లు ఉంది. అవే తేదీల్లో ఒక ఫ్లోట్ డేటాకి మీ పేపర్‌లోని 1 డిగ్రీ పద్ధతి వాడితే నాకు 21 మీటర్లు వచ్చింది. మీ అంకె ఒక్క ఫ్లోట్‌దా, కొన్నింటి సగటా? నా గ్రాఫ్ ఒకటి జత చేశాను. సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలు."

కింద నీ పేరు, విభాగం, గైడ్ పేరు, అంతే. ఫ్లోట్ నంబర్ గ్రాఫ్ మీదే రాయి, ఆవిడ కావాలంటే తెరిచి చూసుకుంటారు. ఆర్గో డేటా అందరికీ ఉచితంగా దొరుకుతుంది కాబట్టి ఆవిడ డేటా అడగాల్సిన పని లేదు. స్లైడ్లు కూడా అడగకు. వాటిలో ఇంకా అచ్చు కానివి ఉంటాయి, కాదనడం ఆవిడకీ ఇబ్బందే. ఆ 30 అంకెను నీ థీసిస్‌లో వాడాలనుకుంటే మాత్రం అనుమతి అడగాలి, అది ఇంకో మెయిల్‌లో.

అడ్రస్ ఆవిడ పేపర్ మొదటి పేజీలో గానీ, సంస్థ వెబ్‌సైట్‌లో గానీ చూసుకో. వాట్సాప్ నంబర్ కోసం ఎవర్నీ అడగొద్దు.

భీమిలి రోడ్డు: మరి సీవీ?

లంగరు: సీవీ చూడగానే ప్రశ్న ఒక సాకులా కనిపిస్తుంది, అసలు అడిగేది ఉద్యోగం అనుకుంటారు. ఖాళీల గురించి విడిగా రాస్తే తప్పు లేదు. "రెస్పెక్టెడ్ మేడమ్" అనడమూ తప్పు కాదు, మన దగ్గర నడుస్తుంది. అయితే స్పీకర్ సరో మేడమో పేరు చూసి ఊహించాల్సి వస్తే "డాక్టర్" సురక్షితం. అందుకే నేను అదే అలవాటు చేసుకున్నాను.

యారాడ: మెయిల్‌లో గైడ్‌ని కాపీలో పెట్టాలి. మా గైడ్‌కి చెప్పకుండా బయటివాళ్లకి రాశానని నాతో నెల రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

లంగరు: నేనైతే కాపీలో పెట్టమనను. ఇద్దరు పెద్దల ముందు అడిగినట్టుంటే అవతలివాళ్లు ఆచితూచి జవాబిస్తారు. ముందే నోటితో చెప్పి పంపమంటాను.

యారాడ: మా విభాగంలో నోటిమాట చాలదండీ. ఎవరి గైడ్ ఎలాంటివారో వాళ్లకే తెలియాలి.

సంపెంగ: మా సర్‌కి చెప్పాను, పంపమన్నారు. సోమవారం పంపాను. జవాబు రాకపోతే మళ్లీ ఎప్పుడు రాయాలి?

లంగరు: రెండు వారాలు ఆగు. తర్వాత అదే మెయిల్‌కి కింద రెండు లైన్లు, ఒక్కసారే. అప్పటికీ రాకపోతే వదిలెయ్.

సంపెంగ: ఆరో రోజు వచ్చింది! మూడు లైన్లే. ఆర్గో ఫ్లోట్ దాదాపు పది రోజులకోసారి పైకి వస్తుంది కాబట్టి ఒక్కదాన్ని నమ్ముకోకుండా, తుపానుకి ముందు పది రోజుల్లో ఐదు ఫ్లోట్లు తీసుకుని సగటు వేశారట. నేను తీసుకున్నది ఆ ఐదింటిలో అన్నిటికంటే దక్షిణాన ఉంది, అక్కడ మంచినీటి ప్రభావం తక్కువట. నా లెక్క తప్పు కాదన్నారు. జవాబుకి మళ్లీ జవాబు రాయాలా, ఊరుకోవాలా?

లంగరు: రాయి. ముందు ఐదు ఫ్లోట్లతో నువ్వే వేసి చూడు, ఎంత వచ్చిందో ఒక వాక్యంలో చెప్పి ధన్యవాదాలు చెప్పు. అందులో కొత్త ప్రశ్న పెట్టకు.

సంపెంగ: సరే మేడమ్. నాలుగు ఫ్లోట్లు దొరికాయి, ఐదోది వెతుకుతున్నాను.