‘పలుకగ నేలా’ దగ్గర తడబాటు: రిహార్సల్ విన్నాక స్క్రిప్టు దిద్దడం

కందప్రియ: పోతన మీద వేదికపై చదివే వ్యాఖ్యానం, ఎనిమిది నిమిషాలది. రిహార్సల్ రికార్డింగు విని స్క్రిప్టు దిద్దుతున్నాను. చదివే ఆవిడ రెండు టేకుల్లోనూ ఒకే చోట తడబడ్డారు. అది ‘పలికెడిది భాగవతమట’ కందం నాలుగో పాదం, స్క్రిప్టులో ఇలా ఉంది: ‘పలికెద వేరొక గాథ పలుకగ నేల’. నాకు గుర్తున్నట్టు రాసిందే ఇది. చివర ‘నేల’నా, ‘నేలా’నా? పద్యం అయ్యాక వచ్చే పేరా కూడా పరుగు పరుగున సాగిపోయింది.

గణపాఠి: ‘నేలా’ అండి. కందంలో రెండు, నాలుగు పాదాల చివర గురువు ఉండి తీరాలి. అయితే అసలు తప్పు అంతకు ముందే ఉంది. అది ‘వేరొక’ కాదు, ‘వేరొండు’. పలికెద, వేరొం, డుగాథ, పలుకఁగ, నేలా: ఐదు గణాలూ కుదురుతాయి, మూడో పాదం నుంచి లెక్కిస్తే ఆరో గణం జగణం, యతి ‘ప’కు ‘ప’ సరిపోతుంది. ‘వేరొక’ అంటే ఒక మాత్ర తగ్గి యతి ‘లు’ మీద పడుతుంది. ‘నేల’ అంటే ఇంకో మాత్ర పోతుంది. పాదం రెండు మాత్రలు కుంటుతోంది. ఆవిడ తడబాటు అక్కడినుంచే వచ్చింది.

సాగరతీరం: గణాలు తెలియని పాఠకురాలికి మాత్ర తగ్గినట్టు ఎలా తెలుస్తుంది? నాకు నమ్మకం లేదు.

గణపాఠి: గణాల పేర్లు తెలియనక్కర్లేదు. మొదటి మూడు పాదాలూ చదివేసరికి నాలుగు మాత్రల నడక నోటికి పట్టేస్తుంది. నాలుగో పాదంలో అడుగు పడాల్సిన చోట అక్షరం లేకపోతే గొంతు ఆగుతుంది. రికార్డింగులో ఆగింది ‘గాథ’ తర్వాతేనా?

కందప్రియ: అవునండి. ‘గాథ’ అన్నాక చిన్న ఆగు, తర్వాత ‘ప… పలుకగ’.

ఎడిటింగ్ బాబు: దీనికింత చర్చ ఎందుకండీ? ఆడాసిటీలో ఆ ‘ప’ ఒక్కటీ సెలెక్ట్ చేసి డిలీట్ కొడితే పోతుంది.

రంగస్థలి: బాబూ, అది ప్రసారం చేసే రికార్డింగు కాదు, రిహార్సల్‌ది. రేపు వేదిక మీద ఆవిడే చదవాలి. దిద్దాల్సింది కాగితాన్ని. కందప్రియ గారూ, రికార్డింగు మొదటిసారి వినేటప్పుడు స్క్రిప్టు చేతిలో పెట్టుకోకండి. కళ్ళ ముందు అక్షరాలుంటే చెవి వాటినే వింటుంది. చెవి ఎక్కడ తప్పిపోయిందో ఆ నిమిషం, సెకను రాసుకోండి. రెండోసారి కాగితం మీద గుర్తులు పెట్టండి: తడబడిన చోట అడ్డగీత, ఊపిరి అందని చోట చుక్క, పరుగెత్తిన చోట కింద అలగీత. రెండు టేకుల్లోనూ ఒకేచోట గుర్తు పడితే అది స్క్రిప్టు దోషం. ఒక్క టేకులోనే పడితే ముట్టుకోవద్దు. ఆ రోజు గొంతు సంగతి అయ్యుండవచ్చు. పద్యానికి ముందున్న వాక్యం కూడా పెట్టండి, అక్కడా చుక్కలుంటాయి.

కందప్రియ: ఇదీ: ‘పదిహేనవ శతాబ్దంలో జన్మించి సహజపండితుడిగా ప్రసిద్ధి పొంది భాగవతాన్ని తెనిగించి దానిని రాజులకు అంకితమివ్వడానికి నిరాకరించి శ్రీరామచంద్రునికే సమర్పించిన భక్తకవి పోతన పలికిన పద్యమిది.’ మూడు చుక్కలు పడ్డాయి.

రంగస్థలి: పడక ఏం చేస్తాయి! జన్మించి, పొంది, తెనిగించి, నిరాకరించి. నాలుగు ‘-చి, -ది’ల తర్వాత గానీ ఇది ఎవరి మాటో వినేవాళ్ళకి తెలియదు. కంటికి ఇబ్బంది లేదు, వెనక్కి వెళ్ళి చూసుకుంటుంది. చెవికి ఆ వీలు లేదు. పేరు ముందుకు తెచ్చి కోయండి: ‘పోతనది పదిహేనో శతాబ్దం. భాగవతాన్ని తెలుగు చేశాడు, కానీ ఏ రాజుకూ అంకితమివ్వలేదు. ఎందుకో ఆయన మాటల్లోనే వినండి.’ అన్నీ పొట్టి వాక్యాలే చేసేస్తే మేకులు కొట్టినట్టు వినిపిస్తుంది. అందుకే నడిమి వాక్యాన్ని రెండు ముక్కలుగా కలిపి ఉంచాను.

భాగవత భిక్షువు: ‘శ్రీరామచంద్రునికే’ అన్నది ఎలాగూ తీసేయాలి. భాగవతం రాయమని ఆజ్ఞ ఇచ్చింది రాముడు. అంకితం చెప్పే షష్ఠ్యంతాలు చూడండి, ‘హారికి నందగోకుల విహారికి’ అంటూ కృష్ణుడికి. సభలో ఎవరో ఒకరు లేస్తారు.

సాగరతీరం: రాముడు ‘నా పేర’ రాయమన్నాడు గదా. ఇద్దరూ ఒకరే అన్నదే పోతన భావం.

భాగవత భిక్షువు: భావం వేరు, అంకితం వేరు.

రంగస్థలి: ఇది తేలదు. ‘ఏ రాజుకూ ఇవ్వలేదు’ అంటే ఇద్దరికీ సరిపోతుంది. ‘ఎందుకో ఆయన మాటల్లోనే’ అన్నది మాత్రం నేను వెనక్కి తీసుకుంటున్నాను. ఈ పద్యం చెప్పేది రాజుల సంగతి కాదు. ‘ఆయన మాట వినండి’ చాలు.

పాలమూరు పిల్ల: మా బడి నాటకంలోనూ ఇదే గోల. పిల్లలు ‘నిష్క్రమిస్తున్నాడు’ అనలేక నత్తుతున్నారు. ‘వెళ్తున్నాడు’ అని మార్చచ్చా, రాజు పాత్రకి చిన్నదైపోతుందా?

రంగస్థలి: మార్చమ్మా. రాజు చిన్నబోడు, పిల్లాడు మాటను మింగేస్తేనే చిన్నబోతాడు.

గణపాఠి: పద్యం దగ్గరికి రండి. స్క్రిప్టులో నాలుగు పాదాలూ నాలుగు వరుసల్లో ఉన్నాయా? అయితే రెండో పాదం ‘రామభద్రుండఁట నేఁ’ దగ్గర కూడా ఊపిరి తీసుకుని ఉంటారు.

కందప్రియ: తీసుకున్నారు! ‘నే’ తర్వాత ఆగి, ‘పలికిన భవహరమగునట’ అన్నారు.

గణపాఠి: ‘నేఁ’ అర్థంలో మూడో పాదానిది. అక్కడ ఆగితే రాముడే ‘నే’ అన్నట్టుంటుంది. కాగితం మీద పాదాల్ని బట్టి కాక అర్థాన్ని బట్టి వరుసలు విరవండి:

పలికెడిది భాగవతమఁట
పలికించెడివాఁడు రామభద్రుండఁట
నేఁ బలికిన భవహరమగునఁట
పలికెద, వేరొండు గాథఁ బలుకఁగ నేలా

‘అల వైకుంఠపురంబులో’ మత్తేభం చూడండి. మొదటి పాదం ‘దా’ దగ్గర తెగి ‘పల’ కిందికి పోతుంది, మూడోది ‘వి’ దగ్గర తెగి ‘హ్వల’ కిందికి. పాదాల వరుసలో చదివితే ‘దాపల’, ‘విహ్వల’ రెండూ ముక్కలవుతాయి. పోతన పద్యంలో ఊపిరి పాదం దాటి పారుతుంది. ఆ అందమే అది!

భాగవత భిక్షువు: అలా విరిస్తే ప్రాస ఎక్కడ వినిపిస్తుంది? ‘పలి, పలి, బలి, పలి’ అని పాదాది నుంచి మోగాలి. మూడో వరుసని ‘నే’తో మొదలుపెడితే కందం వచనమైపోతుంది. నేనైతే పాదాలే ఉంచి, ‘నే’ పక్కన కలుపుగీత పెడతాను.

గణపాఠి: గీతను చూసి ఆగని పాఠకులు తక్కువ. వరుస చివర కన్ను ఆగుతుంది, గొంతూ ఆగుతుంది.

సాగరతీరం: మరి ‘బలికిన’ అని ఎలా అంటారు? ఆగితే ‘పలికిన’, కలిపితే ‘బలికిన’. ఆవిడ ఆగారు కాబట్టి ‘ప’ అనడం సరే.

గణపాఠి: సగం నిజం. ‘నేను’ చివర నకారం ఉన్న ద్రుతాంతం కాబట్టి తర్వాతి ‘ప’ ‘బ’ అయింది, అచ్చులో ‘బ’నే ఉంటుంది. నోటికి మీరన్నది నిజమే. అందుకే ఆపకూడదంటున్నాను. నాలుగో పాదంలోనూ ‘గాథఁ’ అని అరసున్న ఉంటే ‘బలుకఁగ’. ‘గాథ పలుకఁగ’ అని అచ్చైనవీ ఉన్నాయి.

భాగవత భిక్షువు: నాకు నోటికి వచ్చింది ‘పలుకగ’. వినసొంపుగా ఉంది.

రంగస్థలి: పరుగు పేరా సంగతి ఎవరూ ఎత్తలేదు. కొలవండి. తెలుగులో మాటలు లెక్కపెడితే మోసపోతాం, ‘వెళ్ళలేకపోతున్నప్పటికీ’ ఒక్క మాటే. అక్షరాలు లెక్కపెట్టండి. బాగా నడిచిన పేరాలో ఇరవై సెకన్లు, పరుగెత్తినదాంట్లో ఇరవై సెకన్లు.

కందప్రియ: లెక్కపెట్టాను. మొదటి పేరాలో 98, ఆ పేరాలో 141. అందులో ‘గజేంద్ర మోక్షం, ప్రహ్లాద చరిత్ర, వామన చరిత్ర, రుక్మిణీ కల్యాణం వంటి ఘట్టాలు’ అని ఉంది.

రంగస్థలి: పరుగుకు కారణం అదే. అందరికీ తెలిసిన పేర్ల జాబితా వస్తే పాఠకుడు దాన్ని దాటేద్దామని చూస్తాడు. ‘మెల్లగా చదవండి’ అని పక్కన రాస్తే రెండు వాక్యాలే మెల్లగా సాగి మళ్ళీ పరుగు మొదలవుతుంది. మూడు పేర్లు తీసేసి గజేంద్ర మోక్షం ఒక్కటీ ఉంచి, దాని గురించి ఒక వాక్యం చేర్చండి. ఎక్కడో ఒకచోట నిలబడాలి. తర్వాత మళ్ళీ రికార్డు చేయండి, కానీ కొత్త కాగితాన్ని ముందు వేరే ఎవరిచేతనైనా చదివించండి. ఆవిడకి ఇప్పటికే పాత వాక్యాలు నోటికి వచ్చేసి ఉంటాయి, కొత్తవి చూస్తూ పాతవి అనేస్తారు.

కందప్రియ: మా తమ్ముడు చదివాడు. ‘వేరొండు గాథ’ జారిపోయింది, తడబాటు లేదు. పద్యానికి రెండు ప్రతులూ తీశాను, పాదాలతో ఒకటి, అర్థంతో ఒకటి. అర్థం ప్రతిలో ‘నే బలికిన’ కలిసింది. కానీ భిక్షువు గారన్నట్టు ప్రాస సన్నబడింది, అది నిజం.

భాగవత భిక్షువు: చెప్పాను కదా. కలుపుగీతతో మూడో ప్రతి తీసి చూడండి.

గణపాఠి: తీయండి. కానీ ‘నేలా’ దీర్ఘం మూడింట్లోనూ వినబడాలి.