కువైట్ నంబర్ ముందు +91 పడింది, ఓటీపీ రావడం లేదు. ఎలా సరిచేయించాలి?

మాది కడప, ఉండేది కువైట్‌లో. రెండు నెలల కింద సెలవుకు వచ్చినప్పుడు, బ్రాంచిలో ఫారం ఇచ్చి నా ఎన్నారై ఖాతాకు కువైట్ నంబర్ పెట్టించుకున్నా. ఇక్కడికి తిరిగొచ్చినప్పటి నుంచి ఒక్క ఓటీపీ కూడా రాలేదు.

మొదట ఫోనే చెడిందేమో అనుకున్నా. సిమ్ వేరే ఫోన్లో వేశా, బ్లాక్ లిస్టు చూశా. ఇక్కడి బ్యాంకు ఓటీపీలు, ఇండియా నుంచి తమ్ముడు పంపే మెసేజీలు వెంటనే వస్తున్నాయి. ఈ ఖాతావి మాత్రమే రావు.

నిన్న యాప్‌లో సరిగ్గా చూస్తే, ఓటీపీ పంపినట్టు చూపే చోట `+91 ******27` అని ఉంది. చివరి రెండంకెలు నావే. కానీ కువైట్ కోడ్ 965, ఆ తర్వాత 8 అంకెలే. వాళ్లు ఆ ఎనిమిదే ఎక్కించినట్టున్నారు, సిస్టం ముందు 91 తగిలించింది. అట్లాంటి నంబరే లేదు, ఇంక మెసేజ్ ఎక్కడికి పోతుంది?

యాప్‌లో మార్చబోతే అదే నంబర్‌కు వచ్చే ఓటీపీ అడుగుతుంది. బ్రాంచికి ఫోన్ చేస్తే "నంబర్ కరెక్టుగానే ఉంది కదా సార్" అంటారు. వాళ్లు చూసేది ఎనిమిది అంకెలనే, ముందున్న కోడ్‌ను కాదు. ఈమెయిల్‌కు ఓటీపీ పంపే సౌకర్యం నా ఖాతాకు ఆన్ చేసి లేదు.

పాత నంబర్ ఓటీపీ లేకుండా, ఇండియాకు రాకుండా, దేశం కోడ్ మార్పించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: బ్యాంకుకు ఏ కాగితాలు, ఎవరి అటెస్టేషన్‌తో పంపారు?