ట్రయల్ బ్యాలెన్స్ కుదిరింది, మళ్లీ సర్దుబాటు పద్దులు ఎందుకు?

కొత్త గుమాస్తా: హార్డ్‌వేర్ షాపులో లెక్కలు రాస్తున్నాను. మార్చి 31 ట్రయల్ బ్యాలెన్స్ పైసాతో సహా కుదిరింది. అయినా ఆడిటర్ గారు, ఇన్సూరెన్స్ సర్దకుండా లాభనష్టాల ఖాతా వేయొద్దన్నారు. అక్టోబర్ 1న ఏడాది ప్రీమియం 24,000 కట్టి, మొత్తం ఖర్చులో రాశాను. తప్పెక్కడుంది?

కిరాణా సాయి: ఎక్కడో తేడా ఉండే ఉంటుంది. మాకు నిరుడు 900 తేడా వస్తే సస్పెన్స్ ఖాతాలో పెట్టి, తర్వాత వెతికి పట్టుకున్నాం.

పాతలెక్కలు: అది వేరే సంగతి సాయి గారూ, ఇక్కడ తేడా ఏమీ లేదు. ఇన్సూరెన్స్ 24,000 డెబిట్, బ్యాంకు 24,000 క్రెడిట్. రెండు వైపులా సమానం కాబట్టి కుదిరింది. ఆ ఖర్చు ఏ ఏడాదిదో ట్రయల్ బ్యాలెన్స్‌కు తెలియదు. మార్చి 31 నాటికి పాలసీలో ఆరు నెలలే గడిచాయి. మిగతా 12,000 ఇంకా వాడుకోని ఆస్తి. టాలీలో F7 నొక్కి, తేదీ మార్చి 31 పెట్టి, ముందుగా చెల్లించిన ఇన్సూరెన్స్‌కు డెబిట్, ఇన్సూరెన్స్ ఖర్చుకు క్రెడిట్ రాయండి. రాయకపోతే ఈ ఏడాది లాభం 12,000 తగ్గి కనబడుతుంది, వచ్చే ఏడాది అంతే పెరిగి కనబడుతుంది.

లలిత: పుస్తకాల్లో రాయడం ఎందుకండీ? బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తుల వైపు 12,000 చూపిస్తే సరిపోతుంది కదా?

పాతలెక్కలు: ఆస్తి అన్న మాట నిజమే. కానీ అక్కడ మాత్రమే చూపిస్తే ఖర్చు 24,000గానే ఉండిపోతుంది, షీట్ 12,000 తేడాతో నిలబడుతుంది. పైగా లెడ్జర్‌లో లేనిది ఏప్రిల్ 1 ప్రారంభ నిల్వగా రాదు. కొత్త ఏడాది ఆరు నెలల ఖర్చు దేంట్లోంచి తీస్తారు?

లలిత: అవును, అది ఆలోచించలేదు.

విజయవాడ రమ: నాకు దెబ్బ తగిలింది కరెంటు బిల్లు దగ్గర. మార్చి బిల్లు 8,400 ఏప్రిల్‌లో వచ్చింది. చెల్లించవలసిన ఖర్చుగా మార్చి 31న సరిగ్గానే రాశాను. ఏప్రిల్‌లో డబ్బు కట్టినప్పుడు అలవాటు కొద్దీ మళ్లీ కరెంటు ఖర్చులో వేశాను. జూన్‌లో చూస్తే చెల్లించవలసిన ఖాతాలో 8,400 అలాగే కూర్చుని ఉంది! ఇప్పుడు ఏప్రిల్ 1నే ఆ పద్దును తిప్పి రాసేస్తున్నాను.

పాతలెక్కలు: మంచి పద్ధతి. కరెంటు ఖాతా తెరిచి, ఏ నెలల బిల్లులున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టండి. పన్నెండు ఉండాలి. పదకొండే ఉంటే మార్చిది మర్చిపోయారు, పదమూడుంటే నిరుటిది కలిసింది.

కిరాణా సాయి: ఇన్సూరెన్స్‌ను నెలల్లో లెక్కేస్తే మా ఆడిటర్ ఒప్పుకోరు. రోజులు కావాలంటారు. మామూలు ఏడాదిలో మిగిలేది 183 రోజులు, అంటే 12,033.

పాతలెక్కలు: 33 రూపాయల కోసం నేనైతే ఆగను. ఏటా ఒకే పద్ధతి పాటిస్తే చాలు.

కిరాణా సాయి: మాకు పాలసీ నెల మధ్యలో, 17న మొదలవుతుంది. నెలల్లో ఎలా విడగొట్టాలి?

కొత్త గుమాస్తా: నాది సరిగ్గా 1వ తేదీ కాబట్టి 12,000 రాసేశాను. కరెంటు ఖాతాలో పదకొండు బిల్లులే ఉన్నాయి. మార్చి బిల్లు కోసం ఓనర్ గారిని అడుగుతున్నాను.